ఒక్క మెతుకు పట్టుకుందాం: ఏడో తరగతిలో నాలుగు వారాల రైటింగ్ వర్క్‌షాప్

మా బడి నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు ఉంది. తరగతి గది కిటికీలోంచి చూస్తే రొయ్యల గుంటలు కనిపిస్తాయి. ఏడో తరగతిలో 28 మంది పిల్లకాయలు. కొత్తలో వీళ్ళకు "మీ ఊరి గురించి రాయండి" అని చెబితే అందరూ ఒకే వ్యాసం రాసి ఇచ్చారు. "మా ఊరు చాలా అందమైనది. మా ఊరిలో బడి, గుడి, చెరువు కలవు." ఇంట్లో, వీధిలో ఎవరూ "కలవు" అనరు. అది గైడులోంచి వచ్చిన మాట. ఇంటర్వెల్లో ఒకరి మీద ఒకరు పడి కబుర్లు చెప్పుకునే పిల్లలు పెన్ను పట్టుకోగానే ఇలా ఎందుకైపోతారో నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

నేను చేసిన తప్పు కూడా ఉంది. మొదటి ఏడాది ప్రతి నోటుబుక్కులో ప్రతి తప్పునూ ఎర్ర పెన్నుతో దిద్దాను. ఒక అమ్మాయి వాళ్ళ తాత చనిపోయిన రోజు గురించి ఒక పేజీ రాసింది. అందులో పదిహేడు చోట్ల గీతలు పెట్టాను. ఆ తర్వాత ఆ పాప మూడు వాక్యాలకు మించి ఎప్పుడూ రాయలేదు. ఆ మూడింటిలో తప్పులు ఉండేవి కావు. అప్పటినుంచే వేరే దారి వెతకడం మొదలుపెట్టాను.

ఆ దారి రైటింగ్ వర్క్‌షాప్. 1970ల చివర అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో డొనాల్డ్ గ్రేవ్స్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు రెండేళ్ళపాటు ఒక బడిలో, రాస్తున్న పిల్లల పక్కనే కూర్చుని గమనించారు. రాయడం నేర్పాల్సింది రాసి ఇచ్చిన తర్వాత కాదు, రాస్తున్నప్పుడే అన్న ఆలోచన అలాంటి పరిశీలనల నుంచి బలపడింది. దాన్ని మన తెలుగు పీరియడ్‌కు ఎలా సరిపెట్టుకున్నానో ఇక్కడ రాస్తున్నాను. ప్రక్రియ ఒక్కటే: తనకు జరిగిన ఒక చిన్న సంఘటన. కథలు, ఉత్తరాలు, వ్యాసాలు అన్నీ ఒకే యూనిట్‌లో కలిపితే ఏదీ కుదరదు.

పీరియడ్ల లెక్క

యూనిట్‌ను ఆగస్టు మొదట్లో మొదలుపెట్టి, 29న తెలుగు భాషా దినోత్సవం నాటికి ముగించేలా పెట్టుకుంటాను. ఆ రోజు గిడుగు రామమూర్తి పంతులు జయంతి. జనం మాట్లాడే తెలుగు రాతలోకి రావాలని పోరాడిన మనిషి పుట్టినరోజున పిల్లలు తమ మాటల్లో రాసుకున్నది చదవడం కంటే తగిన పని ఏముంటుంది? పంద్రాగస్టు, పండగ సెలవులు పోగా సుమారు 18 పీరియడ్లు దొరుకుతాయి. మొదటి రెండు విషయాలు పోగు చేసుకోవడానికి, చివరి రెండు పుస్తకం కుట్టడానికి పోతాయి. మిగిలిన 14లో పీరియడ్‌కు నలుగురితో మాట్లాడగలిగితే 28 మందిలో ప్రతి ఒక్కరితో రెండుసార్లు కూర్చోవచ్చు. మీ తరగతిలో 40 మంది ఉంటే రెండోసారి అందరికీ కుదరదు. అప్పుడు ఎవరికి ఎక్కువ అవసరమో మీరే తేల్చుకోవాలి.

45 నిమిషాల పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు మినీ లెసన్. తర్వాత పాతిక నిమిషాలు అందరూ రాస్తారు, నేను పిల్లల మధ్య తిరుగుతాను. చివరి ఐదు నిమిషాల్లో ఇద్దరు తాము రాసినదాంట్లో నచ్చిన నాలుగు వాక్యాలు చదువుతారు. మిగిలిన ఐదు నిమిషాలు నోటుబుక్కులు తీయడానికి, సర్దుకోవడానికి. ఈ వరస రోజూ ఒకేలా ఉండాలి. ఇప్పుడు ఏం చేయాలి సార్ అని ఎవరూ అడగని రోజు వస్తేనే మీకు ఒక పిల్లవాడి పక్కన తీరిగ్గా కూర్చునే వీలు దొరుకుతుంది.

నోటుబుక్కు విషయంలో ఒక్క నియమం: లైను విడిచి లైను రాయాలి, కుడివైపు పేజీలోనే రాయాలి. ఎడమ పేజీ ఖాళీగా ఉంచాలి. తర్వాత చేర్చాల్సిన మాటలన్నీ అక్కడికి వస్తాయి. చోటు లేక మార్పులు చేయని పిల్లలను నేను చాలామందిని చూశాను. రబ్బరు వాడకూడదు, ఒక్క గీత కొట్టేస్తే చాలు. కొట్టేసిన మాట కిందే ఒక్కోసారి మంచి మాట దాగి ఉంటుంది.

మొదటి రెండు రోజులు: ఊరి పటం

విషయం నేను ఇవ్వను. తెల్ల కాగితం ఇచ్చి ఎవరి వీధి పటం వాళ్ళను గీసుకోమంటాను. ఇల్లు, బోరింగు, గుంటల గట్టు, రామాలయం, కిరాణా కొట్టు, బస్సు ఆగే చోటు. ఆ తర్వాత పటంలో తాము ఏడ్చిన చోట, పడిన చోట, దెబ్బలు తిన్న చోట, గట్టిగా నవ్విన చోట చుక్క పెట్టి, చుక్క పక్కన రెండు మాటలు రాయమంటాను. "కుక్క కరిచింది." "అక్క పెళ్ళి బస్సు." "రొట్టెల పండగలో తప్పిపోయా." ముందు నా పటం బోర్డు మీద గీస్తాను. సార్ కూడా చిన్నప్పుడు బావిలో చెప్పు పడేసి తన్నులు తిన్నాడని తెలిస్తే వాళ్ళ చుక్కలు వాటంతట అవే పెరుగుతాయి. రెండో రోజుకు ప్రతి ఒక్కరి దగ్గరా ఏడెనిమిది చుక్కలు ఉంటాయి. వాటిలో ఒకటి ఎంచుకోమంటాను.

మినీ లెసన్: కుండ కాదు, మెతుకు

ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి. యూనిట్ మొత్తం దీని మీదే నిలబడుతుంది.

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే కుండంతా చూడక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు అంటాం కదా. పిల్లలకు అదే చెబుతాను. "రొట్టెల పండగ" అనేది కుండ. బారాషహీద్ దర్గా, స్వర్ణాల చెరువు, లక్షల జనం, చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె అన్నీ అందులో ఉన్నాయి. "చెరువు మెట్ల మీద అమ్మ చెయ్యి జారిపోయిన ఐదు నిమిషాలు" అనేది మెతుకు. మనం మెతుకు రాస్తాం.

ఈ మాట పిల్లలకు వెంటనే అర్థమవుతుంది, కానీ రాతలోకి రాదు. దాన్ని రాతలోకి తెచ్చే కిటుకు తెలుగులోనే ఉంది, క్రియ చివర్లో ఉంది. బోర్డు మీద రెండు వాక్యాలు రాస్తాను.

"మేము ప్రతి సంవత్సరం పండగకు వెళ్ళేవాళ్ళం. అమ్మ రొట్టెలు చేసేది."

"అమ్మ రొట్టె నా చేతిలో పెట్టింది. నేను మెట్టు దిగాను."

ఇందులో ఏది ఒక్కరోజు జరిగింది, ఏది ఎప్పుడూ జరిగేది అని అడుగుతాను. అందరూ చెప్పేస్తారు. ఇక క్రియల చివర్లు చూడమంటాను. "వెళ్ళేవాళ్ళం, చేసేది, వెళ్తాం, చేస్తారు" అని ఉంటే అది కుండ. "పెట్టింది, దిగాను, చూశాం, అరిచాడు" అని ఉంటే అది మెతుకు. ఆ తర్వాత పక్కవాడి నోటుబుక్కు తీసుకుని క్రియల కింద గీతలు గీయమంటాను. ఎన్ని "వాళ్ళం"లు, ఎన్ని "ఆను"లు అని లెక్కపెడతారు. ఇందులో తప్పొప్పులు లేవు, లెక్క మాత్రమే. పేజీ అంతా "వాళ్ళం" ఉన్న పిల్లకు తన రాత ఇంకా సంఘటన దాకా రాలేదని తనకే కనిపిస్తుంది. నేను చెప్పక్కర్లేదు. పరిచయంగా ఒకటి రెండు "వాళ్ళం" వాక్యాలు ఉండొచ్చు, ఆ మాట కూడా చెప్పాలి. లేకపోతే అన్నీ కొట్టేస్తారు.

మినీ లెసన్ అంటే పది నిమిషాలే. ఒక్క విషయమే చెప్పాలి. నేను చేసి చూపాలి, వాళ్ళు అక్కడే రెండు నిమిషాలు చేసి చూడాలి, ఆ తర్వాత "మీ రాతలో అవసరమైన చోట వాడుకోండి" అని వదిలేయాలి. పదిహేను నిమిషాలు దాటితే అది పాఠమైపోతుంది, రాసే సమయం తగ్గిపోతుంది. నాకు మాట్లాడటం ఎక్కువ అలవాటు. అందుకే టైమర్ పెట్టే పని ఒక అమ్మాయికి అప్పగించాను.

రెండో వారంలో మరో రెండు పాఠాలు ముఖ్యం. ఒకటి, "భయం వేసింది" అని రాయకుండా భయం వేసినప్పుడు చేతులు, కాళ్ళు, గొంతు ఏం చేశాయో రాయడం. ఒక పిల్లవాణ్ణి ముందుకు పిలిచి, తలుపు వెనక పాము ఉన్నట్టు నటించమని, మిగిలిన వాళ్ళను చూసింది రాయమంటాను. రెండోది సంభాషణ. మనుషులు ఎలా మాట్లాడారో అలాగే, కోట్స్‌లో రాయాలి. "ఎక్కడికి వెళ్ళుచున్నావు అని నాన్న అడిగెను" అని రాస్తే, మీ నాన్న నిజంగా ఏమన్నాడు అని అడగాలి. "యాడికిరా పోతా ఉండావు?" అంతే, అదే రాయాలి. భారతంలో పదిహేను పర్వాలు తెనిగించిన తిక్కన నెల్లూరులో ఉండే ఆ పని చేశాడు. ఆయన పాత్రలు మాట్లాడుతుంటే మనుషులు కళ్ళముందు నిలబడతారని పెద్దలు చెబుతారు. ఆ ఊరి పక్క పిల్లలు తమ నాన్న మాటను తమ రాతలోంచి తీసేయకూడదని నా పట్టుదల. కథనం పుస్తకాల భాషలో ఉన్నా ఫరవాలేదు, కోట్స్ లోపల మాత్రం ఇంటి మాటే ఉండాలి.

కాన్ఫరెన్స్: పక్కన కూర్చోవడం

పాతిక నిమిషాల్లో నలుగురు, ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు. నా టేబుల్ దగ్గరికి ఎవరినీ పిలవను, నేనే చిన్న స్టూలు తీసుకుని వాళ్ళ పక్కకు వెళ్తాను. టేబుల్ దగ్గర కూర్చుంటే క్యూ తయారవుతుంది, క్యూలో ఉన్నవాళ్ళు రాయరు. నా చేతిలో పెన్ను ఉండదు. పెన్ను ఉంటే చెయ్యి ఊరుకోదు.

ఒక కాన్ఫరెన్స్ మొత్తంగా రాస్తాను. ఒక అబ్బాయి వాళ్ళ నాన్న రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉంటాడు. వాడు ముందు రాసింది ఇదీ:

"మా నాన్న రొయ్యల గుంట కాడ పని చేస్తాడు. రాత్రి పూట కాపలా ఉంటాడు. కరెంటు పోతే రొయ్యలు చచ్చిపోతాయి. రొయ్యల వల్ల మన దేశానికి ఆదాయం వస్తుంది. కావున మనము రొయ్యలు పెంచవలెను."

చివరి రెండు వాక్యాలు వాడివి కావు, వ్యాసాల పుస్తకానివి. కానీ వాటి జోలికి వెళ్ళలేదు. మిగిలిన మూడింటిలో క్రియలన్నీ "తాడు, తాయి". కుండ.

"ఏం రాస్తున్నావు నాయనా?" అన్నాను.

"గుంట గురించి సార్."

"కరెంటు పోయినప్పుడు నువ్వెప్పుడైనా అక్కడున్నావా?"

"ఉండాను సార్. ఎండాకాలం సెలవుల్లో."

"అప్పుడేమైంది?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇలాంటి చోట మనం నోరు మూసుకోవడం చాలా కష్టం. పదిదాకా లెక్కపెట్టుకోండి. ఏడో అంకె దగ్గర అన్నాడు: "ఫ్యాన్లు ఆగిపోయినాయి సార్. ఆ సద్దు ఆగేసరికి మెలకువొచ్చింది."

గుంటల్లో నీళ్ళను చిలికే ఏరియేటర్లను మా వైపు ఫ్యాన్లు అంటారు. రాత్రంతా మోగుతూనే ఉంటాయి. తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది, ఆ వేళ అవి ఆగితే పంటంతా పోయే ప్రమాదం. అక్కడ పడుకునేవాళ్ళకు శబ్దం వల్ల కాదు, శబ్దం ఆగడం వల్ల మెలకువ వస్తుంది. అక్కడ పడుకున్న పిల్లవాడికి తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి అది.

"ఇప్పుడు నాకో మాట చెప్పావు, సద్దు ఆగేసరికి మెలకువొచ్చిందని. అది విన్నాక నాకు ఆ గట్టు మీద ఉన్నట్టే ఉంది. ఆ మాట ఇందులో ఎక్కడుంది?"

వాడు పేజీ కింద నుంచి పైదాకా వెతికాడు. "లేదు సార్."

"అక్కణ్ణుంచి మొదలుపెట్టు. ఇంజను స్టార్టయ్యేదాకా మాత్రమే రాయి. ముందుది గానీ తర్వాతది గానీ వద్దు." అని లేచి వచ్చేశాను. తర్వాత నా రిజిస్టర్‌లో వాడి పేరు పక్కన తేదీ వేసి "మెతుకు: ఫ్యాన్లు ఆగాయి. మళ్ళీ కూర్చున్నప్పుడు శరీరం" అని రాసుకున్నాను.

ఈ ఐదు నిమిషాల్లో చేసిన పనులు మూడే. అడిగాను, విన్నదాంట్లో ఒక్కటి ఎంచుకున్నాను, అదొక్కటే చెప్పి వచ్చేశాను. "వలెను" గురించి చెప్పలేదు, "కాడ" గురించీ చెప్పలేదు. ఒకేసారి నాలుగు చెబితే పిల్లవాడు అన్నింటికంటే తేలికైనదే చేస్తాడు, అది ఎప్పుడూ స్పెల్లింగే అవుతుంది. కాన్ఫరెన్స్ సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోవడానికి నాకొక గుర్తు ఉంది. నేను లేచిన వెంటనే పిల్లవాడు పెన్ను తీశాడంటే జరిగినట్టు. నా ముఖం వైపే చూస్తూ ఉన్నాడంటే నేను ఎక్కువ మాట్లాడినట్టు.

వాడు రెండోసారి రాసింది:

"ఫ్యాన్ల సద్దు ఆగిపోయింది. నాకు మెలకువొచ్చింది. మంచం మీద నాన్న లేడు. గట్టు మీద టార్చిలైటు పరిగెత్తతా ఉంది. 'రేయ్, లైటు పట్టుకో!' అని నాన్న అరిచాడు. నేను చెప్పులేసుకోకుండా ఉరికాను. నీళ్ళ పక్కన రొయ్యలు మీసాలు పైకి పెట్టి తేలుతున్నాయి. నాన్న ఇంజను హ్యాండిలు తిప్పాడు. అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. అందుకోలేదు. నా చేతిలో లైటు ఊగతా ఉంది. నాన్న నన్ను తిట్టలేదు. మూడోసారి అందుకుంది."

"నాన్న నన్ను తిట్టలేదు" అన్న వాక్యం నేను నేర్పింది కాదు. ఎవరూ నేర్పలేరు. దానికి చోటు ఖాళీ చేయడం వరకే మన చేతిలో ఉంది.

ఇబ్బందులు వచ్చే చోట్లు

"అయిపోయింది సార్" అనే పిల్లలు మూడో రోజుకే బయలుదేరతారు. వాళ్ళకు మొదటి రోజే ఒక మాట చెప్పి ఉంచాలి: అయిపోతే ఎడమ పేజీలో ఏదైనా చేర్చు, లేదంటే పటంలో ఇంకో చుక్క తీసుకో. కూర్చోవడం మాత్రం లేదు.

అక్షరాలు సరిగ్గా రాని పిల్లలు ప్రతి తరగతిలో ముగ్గురు నలుగురు ఉంటారు. వాళ్ళ చేత ముందు మూడు బొమ్మలు వేయిస్తాను. మొదట, మధ్య, చివర. తర్వాత వాళ్ళు చెబుతుంటే మొదటి రెండు వాక్యాలు నేను రాసిపెడతాను, మూడోది వాళ్ళు రాస్తారు. ఎలా వస్తే అలా. ఈ పిల్లలను రెండుసార్లతో వదిలేయకూడదు, దాదాపు రోజూ రెండు నిమిషాలు పలకరించాలి.

ఇంకొకటి జాగ్రత్తగా చూడాలి. తాగి వచ్చిన నాన్న గురించో, ఇల్లు వదిలి వెళ్ళిన అమ్మ గురించో రాసే పిల్లలుంటారు. రాయనివ్వాలి. కానీ పబ్లిష్ చేసే ముందు ఒంటరిగా అడగాలి: "ఇది అందరి ముందూ చదువుతావా, నీ దగ్గరే ఉంచుకుంటావా?" ఉంచుకుంటానంటే పుస్తకం కోసం ఇంకో చిన్న రచన రాయించాలి. దెబ్బల సంగతో, భద్రత సంగతో బయటపడితే అది రచన విషయం కాదు. వెంటనే హెడ్‌మాస్టర్‌తో మాట్లాడాలి. పిల్లలకు సాయం చేసే 1098 నంబర్ కూడా గుర్తుంచుకోవాలి.

దిద్దడం, నాలుగో వారంలోనే

స్పెల్లింగ్‌ను వదిలేయమని నేను అనడం లేదు. అది చివర్లో రావాలి, అంతే. అప్పటికి పిల్లలకు తమ రాత మీద ప్రేమ పుట్టి ఉంటుంది, దాన్ని శుభ్రం చేసుకోవాలని వాళ్ళకే ఉంటుంది. ఒక్కొక్కరికి రెండే అంశాలు ఇస్తాను. ఒకరికి ఒత్తులు, "ళ"కు "ల" రాయడం. ఇంకొకరికి దీర్ఘాలు, వాక్యం చివర చుక్క. ఆ రెండూ తన కాగితమంతా వెతుక్కుని సరిచేస్తారు. వేలితో ఒక్కో పదం చూపిస్తూ పక్కవాడికి గట్టిగా చదవడం అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. కన్ను దాటేసిన తప్పును నోరు పట్టుకుంటుంది. మిగిలిన తప్పులు పుస్తకంలోకి పోతాయి కదా అంటే, కొన్ని పోతాయి. అచ్చుకు వెళ్ళే ప్రతిలో తల్లిదండ్రులకు ఇబ్బందిగా అనిపించేవి నేను పెన్సిల్‌తో చూపిస్తాను, సరిచేసేది మాత్రం వాళ్ళే.

పుస్తకం, పండగ

ఒక్కొక్కరికి ఏ4 కాగితానికి రెండు వైపులూ ఇస్తాను. 28 మందికి 56 పేజీలు. కుట్టు వచ్చే అంచున, అంటే ముందు పేజీలో ఎడమవైపు, వెనక పేజీలో కుడివైపు, రెండు అంగుళాలు వదలమని ముందే చెప్పాలి. ఒకసారి చెప్పడం మర్చిపోయాను, సగం మాటలు కుట్టులోకి వెళ్ళిపోయాయి. చివర్లో "రచయిత గురించి" అని మూడు వాక్యాలు. దబ్బనంతో మూడు రంధ్రాలు చేసి పురికొసతో కుడతాం. అట్టకు పాత క్యాలెండర్ వెనక వైపు సరిపోతుంది. అసలు ప్రతి బడి లైబ్రరీకి, ఒక జిరాక్స్ ప్రతి తరగతిలోకి.

పండగ రోజు పిల్లలను స్టేజీ ఎక్కించకండి. 28 మంది మూడేసి నిమిషాలు చదివితే గంటన్నర పడుతుంది, ఐదో పిల్లకే జనం కదులుతారు. నేను ఏడు చాపలు వేయిస్తాను. చాపకు నలుగురు పిల్లలు, వాళ్ళ చుట్టూ ఆ నలుగురి అమ్మానాన్నలు, ఒక ఎనిమిదో తరగతి పిల్ల. పావుగంటలో ఒక చాప పూర్తవుతుంది. కూలికి పోయేవాళ్ళు ఎక్కువ కాబట్టి టైము వాళ్ళనే అడిగి పెట్టుకోవాలి. మా దగ్గర ఉదయం తొమ్మిదికి ముందు కుదిరింది.

చదివాక చప్పట్లతో ఆపేయకూడదు. విన్నవాళ్ళు తమకు గుర్తున్న ఒక్క మాటో, వాక్యమో చెప్పాలి. బాగుంది అంటే సరిపోదు. చదువు రానివాళ్ళు నోటితో చెబుతారు, ఎనిమిదో తరగతి పిల్ల చీటీ మీద రాస్తుంది. ఆ చీటీ రచయితకు. తర్వాత గుగ్గిళ్ళు.

ఆ అబ్బాయి వాళ్ళ నాన్న రాత్రి డ్యూటీ దిగి అలాగే వచ్చాడు. చాప అంచున కూర్చుని తల వంచుకుని విన్నాడు. చదవడం అయ్యాక చీటీ రాసే పిల్ల, "మీకేం గుర్తుంది మామా?" అని అడిగింది. ఆయన కొడుకు వైపు చూసి, "మూడోసారి కాదురా, నాలుగోసారి అందుకుంది. నువ్వు భయపడి లెక్క తప్పినావు" అన్నాడు. వాడు పెన్ను అడిగి తీసుకుని, కుట్టిన పుస్తకంలో "మూడోసారి"ని ఒక్క గీతతో కొట్టేసి పైన "నాలుగోసారి" అని రాశాడు.